మూడు నలభై ఐదుకి మళ్లీ మొదలుపెడదాం

గౌరమ్మ కొడుకు విష్ణువర్ధన్ తప్పిపోయి ఎనిమిదేళ్లయింది. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. తండ్రి పోయిన నెలకే, పద్నాలుగేళ్ల వయసులో, గోల్నాకలోని ఇంట్లోంచి మాయమయ్యాడు. అప్పటినుంచీ గౌరమ్మ యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్‌లో చపాతీలు చేస్తూ, ఆ చేతులతోనే పోలీస్ స్టేషన్ల తలుపులు తడుతూ బతికింది. ఆరు వారాల కిందట, సైగల భాష మీద పరిశోధన చేసే లిడియా పనిమీద అదే హాస్టల్‌కి వచ్చినప్పుడు, ఆమె ఫోన్‌లో ఒక ఫొటో చూసి పిండిచేతులతోనే నిలబడిపోయింది. నాగ్‌పూర్ దగ్గరి ఒక ప్రభుత్వ ఆశ్రమంలో ఉన్న మూగ యువకుడి ఫొటో అది. అక్కడ అతన్ని రాజు అని పిలుస్తారు. అసలు పేరు ఎవరికీ తెలియదు.

ఫొటో ఒక్కటే చాలదన్నారు ఆశ్రమం వాళ్లు. పద్నాలుగేళ్ల ముఖానికీ ఇరవై రెండేళ్ల ముఖానికీ పోలిక చెప్పడం కష్టం. వీడియో కాల్‌లో తల్లీ కొడుకూ ఒకరినొకరు గుర్తుపడితేనే పోలీసులకు రాసి రక్తపరీక్షకు పంపుతామని సూపరింటెండెంట్ వాఘ్మారే చెప్పాడు. ఆ కాల్ ఈ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు. సైగల్ని మాటల్లోకి, మాటల్ని సైగల్లోకి మార్చాల్సింది లిడియా.

మూడు గంటల ఇరవై నాలుగు నిమిషాలకి లిడియా తార్నాకలో తన గదిలో, లాప్‌టాప్ ముందు, బుద్ధిగా కూర్చుని ఉంది.

జుట్టు బిగించి ముడి వేసుకుంది. చేతులు స్పష్టంగా కనిపించాలని గీతలూ పువ్వులూ లేని నల్లచొక్కా తొడుక్కుంది. వెనక గోడ మీదున్న క్యాలెండర్ కూడా తీసేసింది. తెర మీద మాత్రం ఇరవై నాలుగు నిమిషాలుగా ఒకటే వాక్యం: 'దయచేసి వేచి ఉండండి. హోస్ట్ త్వరలో మిమ్మల్ని లోపలికి అనుమతిస్తారు.'

"ప్రభుత్వం వాళ్ల వ్యవహారం. ఆలస్యం అవుతుందిలే," అని తనకు తాను చెప్పుకుంది. పది నిమిషాలు దాటాక అనుమానం వచ్చింది. అయినా కదల్లేదు. లేచి వెళ్లిన నిమిషంలోనే తలుపు తెరిస్తే?

పక్క గదిలోంచి తల్లి సుగుణమ్మ కేకేసింది. లాలాపేట్ బడిలో ముప్పయ్యేళ్లు పనిచేసి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన గొంతు అది.

"అమ్మాయ్! చార్జింగ్‌లో పెట్టిన నీ ఫోను బల్ల మీద నుంచి పడిపోయేలా ఉందే. ఆపకుండా వణుకుతోంది."

లిడియా గబుక్కున లేచింది. ఫోన్‌ని సైలెంట్‌లో పెట్టింది తనే, కాల్ మధ్యలో మోగకూడదని. పరుగెత్తింది. పదకొండు మిస్డ్ కాల్స్. అన్నీ సమ్మయ్యవే. భాషాశాస్త్రం విభాగంలో అటెండరు. గౌరమ్మని సెమినార్ గదిలో కూర్చోబెట్టి విభాగం లాప్‌టాప్‌లో కాల్ కలపాల్సింది అతనే.

"ఏడున్నవ్ మేడం?" సమ్మయ్య అరిచాడు. "ఫోన్ ఎత్తవేంది? కాల్ అయిపోయింది గదా! ఆ సార్ కట్ చేసిండు. గీడ అమ్మ ఒకటే ఏడుపు."

"అయిపోవడమేంటి సమ్మయ్యగారూ? ఇంకా మొదలే కాలేదు. నేను లింకులోనే ఉన్నాను, వెయిటింగ్‌లో పెట్టారు."

"మేమేమో మూడింటికే లోపటికి పోయినం. పొద్దుగాల ఆ సార్ కొత్త లింక్ పంపిండు. గా లింక్ నొక్కిన."

కొత్త లింక్.

లిడియా ఫోన్‌లో వెతికింది. వాట్సాప్ గ్రూపులో పొద్దున ఎనిమిది యాభైకి వాఘ్మారే పెట్టిన సందేశం ఉంది. 'పాత మీటింగ్ రద్దయింది. ఈ రోజు దీంట్లోకి రండి,' అని. దాని కింద ఎవరో పెట్టిన గుడ్ మార్నింగ్ బొమ్మలు ఆరు. ఆమె చూడలేదు. శుక్రవారం ట్రయల్ కోసం వాడిన లింకుని తన క్యాలెండర్‌లో దాచుకుంది. అదే నొక్కింది. అది పనిచెయ్యకపోతే తెలిసేది. కానీ పాత గది బయట వేచి ఉండే చోటు ఇంకా తెరిచే ఉంది. లోపల మనుషులు లేరు, అంతే. ఖాళీ గది బయట ఇరవై నాలుగు నిమిషాలు కూర్చుంది తను.

"అక్కడ ఏం జరిగింది?" అని అడిగింది. 

సమ్మయ్య చెప్పాడు. అవతల పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టారు. వాడు తల వంచుకునే ఉన్నాడు. గౌరమ్మ 'విష్ణూ, విష్ణూ' అని అరిచింది. వినపడని వాడు ఎలా చూస్తాడు? సూపరింటెండెంట్ భుజం తట్టి తల ఎత్తించాడు. వాడు తెరవైపు ఒక్కసారి చూసి మళ్లీ దించేశాడు. దుబాసీ ఎక్కడ అని ఆ సార్ మూడుసార్లు అడిగాడు. ఇరవై రెండు నిమిషాలు చూసి, 'గుర్తుపట్టలేదు, నేను అలాగే రాసుకుంటాను, నాలుగింటికి ఇంకో కుటుంబం ఉంది' అని తీసేశాడు.

"రాసేశాడా?"

"రాస్తనన్నడు. రాసిండో లేదో నాకెట్ల తెలుస్తది?"

లిడియా వాఘ్మారేకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. బిజీ. మంచం అంచున కూలబడి సందేశం మొదలుపెట్టింది. 'సర్, ఐయామ్ సో సారీ, వెరీ వెరీ సారీ' అని రెండు వరుసలు నిండాయి. మా దగ్గర నెట్‌వర్క్ సమస్య వల్ల అని మొదలుపెట్టి ఆగింది.

సుగుణమ్మ వెనకనుంచి కళ్లజోడు సర్దుకుని చదివింది.

"నెట్‌వర్క్ పోయిందా?"

"లేదమ్మా. పాత లింకులో కూర్చున్నాను."

"మరి అదే రాయి. నెట్ పోయిందంటే ఆయన మళ్లీ పోతుందేమో అనుకుంటాడు. ఇంకోసారి టైమివ్వడు. ఫలానా తప్పు చేశాను, అది సరిచేసేశాను అంటే నమ్ముతాడు." సుగుణమ్మ మంచం మీద కూర్చుంది. "ముప్పయ్యేళ్లు పిల్లల లీవ్ లెటర్లు చదివాను నేను. సారీ ఒక్కసారి చాలు. తర్వాత నువ్వేం అడుగుతున్నావో, ఎంతసేపు అడుగుతున్నావో, ఎన్ని గంటలకో రాయి. ఆయన ఆలోచించే పని లేకుండా, సరే అనడానికి ఒక్క మాట మిగిల్చు."

లిడియా అంతా చెరిపేసి హిందీలో మళ్లీ రాసింది. తెలుగులో చెబితే అది ఇలా ఉంది:

'వాఘ్మారేగారికి నమస్కారం. మూడు గంటల కాల్‌కి నేను రాలేకపోయినందుకు క్షమించండి. తప్పు పూర్తిగా నాది. పొద్దున మీరు పంపిన కొత్త లింక్ చూడకుండా పాత లింకులో వేచి ఉన్నాను. ఇప్పుడు కొత్త లింక్ నా దగ్గర ఉంది. తల్లి ఇంకా క్యాంపస్‌లోనే ఉన్నారు. మీరు అనుమతిస్తే 3.45కి ఇదే లింకులో మళ్లీ మొదలుపెడదాం. పదిహేను నిమిషాలు చాలు. నాలుగింటి కుటుంబానికి ఇబ్బంది రానివ్వం. ఇప్పుడు కుదరకపోతే వాళ్ల తర్వాత మీరు ఏ సమయం చెప్పినా సిద్ధం. దుబాసీ లేకుండా జరిగిన కాల్ కాబట్టి దయచేసి అప్పటిదాకా ఫలితం రాయకండి.'

మూడు ఇరవై తొమ్మిదికి పంపింది. రెండు టిక్కులు పడ్డాయి. నీలం కాలేదు.

"కూర్చుని చూస్తే నీలం అవుతుందా?" సుగుణమ్మ స్కూటీ తాళాలు తీసుకుంది. "పద క్యాంపస్‌కి."

"ఇక్కడైతే నెట్ బాగుంటుందమ్మా. తెర మీద నా గడి వేరే, ఆవిడ గడి వేరే ఉంటే చేతులు పెద్దగా కనిపిస్తాయని కదా పొద్దున అలా అనుకున్నాం."

"పొద్దున అనుకున్నది బాగానే జరిగిందా?"

 వాడు తల ఎత్తి చూసి మళ్లీ దించేశాడన్న మాట దగ్గరే లిడియా బుర్ర ఆగి ఉంది. ఎందుకు దించేశాడు? సెమినార్ గది కళ్లముందు మెదిలింది. పొడుగాటి బల్ల, వెనక పెద్ద కిటికీ, పడమటి ఎండ. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే కెమెరాలో మనిషి నల్లటి నీడ. ముఖం ఉండదు. బల్ల మీద లాప్‌టాప్ దగ్గరగా ఉంటే తల మాత్రమే కనిపిస్తుంది, చేతులు తెర కిందే ఉండిపోతాయి. వినపడని పిల్లవాడికి చూపించింది అదీ. పెదాలు కనపడని ఒక నల్లటి తల!

"అమ్మా, వాడు తల్లిని చూడనే లేదే!" అని అరిచింది. "పద, పద!"

తార్నాక సిగ్నల్ దగ్గర స్కూటీ ఆగినప్పుడు జేబులో ఫోన్ ఒక్కసారి వణికింది. తలని తల్లి భుజానికి ఆనించి చదివింది.

'3.45. పదిహేను నిమిషాలే. అదే లింక్. ఫలితం ఇంకా రాయలేదు.'

లిడియా రోడ్డు మీదే కేక పెట్టింది. పక్కన ఆటోలో ఉన్నాయన తొంగి చూశాడు. పచ్చలైటు పడకముందే సుగుణమ్మ యాక్సిలరేటర్ తిప్పింది. ఆవిడ ట్రాఫిక్ నియమం తప్పడం లిడియా చూడటం అదే మొదటిసారి.

*

సెమినార్ గదిలో గౌరమ్మ నేలమీద గోడకి చేరగిలబడి ఉంది. యాభై ఏళ్ల మనిషి, ఆదోని వైపు ఎండకి రాటుదేలిన ముఖం. పువ్వుల చీర. ఈ రోజు కోసం పెట్టెలోంచి తీసి కట్టుకున్నది. లిడియాని చూసి లేవలేదు.

"నా కొడుకు కాదంట అమ్మీ," అంది నీరసంగా. "నన్ను చూసి తల దించేసుకున్యాడు. మా మరిదికి ఫోన్ చేసినాను. వస్తాండాడు, ఇంటికి తోలకపోతాడు."

మరిది చెన్నకేశవులు. అంబర్‌పేట్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. విష్ణు తప్పిపోయినప్పుడు రైల్వేస్టేషన్లలో పోస్టర్లు అంటించింది, పేపర్లో ప్రకటన వేయించింది అతనేనని గౌరమ్మ ఎప్పుడూ చెబుతుంది.

లిడియా ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "గౌరమ్మగారూ, నేను టైముకి రాలేదు. తప్పు నాది. నా పాటికి నేను వేరే చోట కూర్చున్నాను. మీ కొడుకు మిమ్మల్ని కాదనలేదు. ఆ కెమెరాలో మీ ముఖమే పడలేదు. ఆశ్రమం ఆయన్ని అడిగాను, మళ్లీ కలపడానికి ఒప్పుకున్నారు. ఇంకో నాలుగు నిమిషాల్లో."

గౌరమ్మ ఆమెనే చూసింది. తర్వాత చీర చెంగుతో ముఖం గట్టిగా తుడుచుకుని లేచి నిలబడింది.

నాలుగు నిమిషాల్లో గది మారిపోయింది. సమ్మయ్యా లిడియా బల్లని ఎదురుదిక్కుకి తిప్పారు. ఇప్పుడు కిటికీ వెలుగు గౌరమ్మ ముఖం మీద తిన్నగా పడుతోంది. వెనక నోటీసుబోర్డు మీది రంగుల కాగితాలు కనపడకుండా సమ్మయ్య ఎక్కడినుంచో బూడిదరంగు దుప్పటి తెచ్చి కప్పాడు. లాప్‌టాప్ కింద అయిదు థీసిస్‌లు పేర్చి కెమెరా ఆమె ఛాతీ ఎత్తుకి తెచ్చారు. కుర్చీని రెండడుగులు వెనక్కి జరిపి, నడుము నుంచి తల పైదాకా తెరలో పట్టేలా చూశారు. సుగుణమ్మ తన ముదురాకుపచ్చ శాలువా తీసి పువ్వుల చీర మీద కప్పింది.

"వైఫైని నమ్మేటట్టు లేదు మేడం, గంటకోసారి చస్తది," అన్నాడు సమ్మయ్య. "నా ఫోన్ల హాట్‌స్పాట్ ఉన్నది, గదే పెట్టుకోండ్రి."

"మైక్ ఆపేస్తున్నాను," అంది లిడియా. "మాట అవసరమైతే నేను తెరుస్తాను. గౌరమ్మగారూ, చేతులు మెల్లగా కదపండి. వేగంగా ఊపితే తెరమీద అలుక్కుపోతాయి. కొంచెం ఆలస్యంగా అవతలికి చేరతాయి కాబట్టి ఒకటి చూపించాక ఆగండి."

"అట్లాగే అమ్మీ."

మూడు నలభై అయిదు. లిడియా ఈసారి లింకులోని అంకెలు మూడుసార్లు సరిచూసి నొక్కింది.

'హోస్ట్ త్వరలో మిమ్మల్ని లోపలికి అనుమతిస్తారు.'

అదే వాక్యం.  పది సెకన్లు. ఇరవై. తెర నల్లబడింది. తర్వాత ఒక్కసారిగా వెలిగింది.

వాఘ్మారే మీసాల ముఖం. ముఖంలో చిరాకు ఇంకా పోలేదు.

లిడియా మైక్ తెరిచింది. "ఆలస్యానికి క్షమించండి సార్. మళ్లీ అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు. రెండు చిన్న పనులు చేస్తే వెంటనే మొదలుపెడదాం. తెర మీద మా గడిపైన కుడిక్లిక్ చేసి పిన్ చేయండి, అప్పుడు అమ్మ ముఖం మీ తెరంతా నిండుతుంది. మీ కెమెరా కొంచెం వెనక్కి పెడితే అబ్బాయి చేతులు మాకు కనిపిస్తాయి."

"నాలుగింటికి ఆపేస్తాను," అన్నాడాయన. చెప్పినట్టు చేశాడు.

నీలం చొక్కా యువకుడు కనిపించాడు. బక్కపలచటి మనిషి, పలచటి గడ్డం. ఒళ్లో చేతులు పెట్టుకుని తల దించుకున్నాడు. వాఘ్మారే చెయ్యి తెరలోకి వచ్చి అతని భుజాన్ని తట్టి తెరవైపు చూపించింది.

లిడియా ముందుగా తనే సైగ చేసింది, బధిరుల బడుల్లో నేర్పే భాషలో. పుట్టు చెవుడున్న తమ్ముడు ప్రశాంత్‌తో చిన్నప్పటినుంచీ మాట్లాడిన భాష. 'నీ పేరేంటి?' అతను ఆమె చేతుల్ని చూశాడు గానీ ముఖంలో ఏమీ కదల్లేదు. మళ్లీ చేసింది. లాభం లేదు. అతను బడికెళ్లి ఉండడు. ఆ భాష అతనిది కాదు.

"గౌరమ్మగారూ, ఇంట్లో మీరు విష్ణుతో ఎలా మాట్లాడేవాళ్లు?"

గౌరమ్మ సిగ్గుపడింది. "అదేం బాస అమ్మీ? ఏదో చేతులూపుకునేటోళ్లం. చూసినోళ్లంతా నగేటోళ్లు."

"అదే కావాలి. ప్రపంచంలో మీ ఇద్దరికే వచ్చిన భాష అది. మాట్లాడండి."

గౌరమ్మ కుర్చీలో ముందుకి జరిగి, గుర్తొచ్చి మళ్లీ వెనక్కి జరిగింది. రెండు వేళ్లు ఎత్తి తన ముక్కుపుడక మీద రెండుసార్లు తట్టుకుంది. అమ్మ.

యువకుడు కదల్లేదు. కానీ తల దించలేదు.

గౌరమ్మ రెండు అరచేతుల మధ్య ఏదో గుండ్రంగా చుట్టింది. ఉండ చేసి, దాని నడుమ బొటనవేలితో గుంట నొక్కింది. రాగిసంగటి. ఆ గుంటలో వేసే ఊరిబిండి పచ్చడి. కళ్లనుంచి నీళ్లు కారుతున్నా చేతులు మెల్లగా, లిడియా చెప్పినట్టే, ఒకదాని తర్వాత ఒకటి కదిలాయి. తిందువా?

తెర మీద ఆలస్యంగా, ఒక ఊపిరి తర్వాత, యువకుడి కళ్లు పెద్దవయ్యాయి. ముందుకి వంగాడు. ఎంత ముందుకంటే అతని నుదురే తెరంతా నిండింది. తర్వాత వెనక్కి జరిగి, చేతులెత్తాడు. ఉండ చుట్టాడు. గుంట నొక్కాడు.

"వాడే! వాడే!" సమ్మయ్య గాల్లోకి ఎగిరాడు.

వాఘ్మారే గొంతు స్పీకర్లోంచి వచ్చింది. "మేడం, అతను చూపించింది చూసి తిరిగి చేస్తున్నాడు అంతే. మా దగ్గర పిల్లలందరూ చేస్తారు. దీన్ని నేను గుర్తింపు అని రాయలేను."

ఆయన అన్నదాంట్లో తప్పులేదని లిడియాకి తెలుసు. మనం చూపించింది వెనక్కి రావడం సాక్ష్యం కాదు. మనం చూపించనిది రావాలి.

"గౌరమ్మగారూ, ఇకమీదట మీరు సమాధానం చూపించొద్దు. ప్రశ్న ఒక్కటే అడగండి. ఇంట్లో ఎవరెవరు ఉండేవారు అని అడగ్గలరా?"

గౌరమ్మ రెండు చేతుల్నీ తలపైన ఇంటికప్పులా ఆనించింది. తర్వాత చూపుడువేలితో గాల్లో ఒకటీ, రెండూ, మూడూ అన్నట్టు గుచ్చి, చేతులు తెరిచి అడిగింది. ఇంట్లో ఎవరెవరు?

 తెర ఒక క్షణం గడ్డకట్టింది. "అయ్యో, ఇప్పుడా!" అంది సుగుణమ్మ. సమ్మయ్య ఫోన్‌ని కిటికీ చువ్వల దగ్గరకి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. బొమ్మ మళ్లీ కదిలింది.

యువకుడు రెండు వేళ్లతో ముక్కు పక్కన తట్టుకున్నాడు. అమ్మ. తన కుడి కనుబొమ్మ మీద బొటనవేలు రాసుకున్నాడు. నేను. తర్వాత ఎడమ అరచెయ్యి తెరిచి, దాని మీద కుడి పిడికిలిని దబ్, దబ్, దబ్ అని గుద్దాడు.

గౌరమ్మ నోటినుంచి వచ్చినది ఏడుపో నవ్వో లిడియాకి తెలియలేదు.

"వాళ్ల నాయన అమ్మీ! సర్వే ఆఫీసులో దఫ్తరీ, దినమంతా కాగితాల మింద ముద్దర గుద్దేటోడు. వీడు చిన్నప్పుడు ఆఫీసుకు పోయి చూసొచ్చి అట్లా పిలిసేటోడు. నేను చూపియ్యలేదు గదా? మీరంతా చూసినారు గదా, నేను చూపియ్యలేదు!"

లిడియా ఆ మాటలన్నీ ఒక్క ఊపిరిలో హిందీలో చెప్పింది.  వాఘ్మారే వైపునుంచి కాగితం తిప్పిన చప్పుడు, పెన్ను గీసిన చప్పుడు వినిపించాయి.

"రాసుకుంటున్నాను," అన్నాడు చివరికి. గొంతులో చిరాకు లేదు. "తండ్రి, ముద్రలు వేసే ఉద్యోగి. ఎవరూ చూపించకుండా తానే చెప్పాడు. మేడం, నాలుగేళ్లుగా ఇతను ఆ పిడికిలి గుద్దడం నేను చూస్తున్నాను. ఎవర్నో కొడతానని బెదిరిస్తున్నాడు అనుకున్నాం. నాలుగింటి కుటుంబానికి ఫోన్ చేసి చెబుతాను. మీరు ఆపకండి."

సుగుణమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. సమ్మయ్య ఫోన్ ఎత్తిన చెయ్యి దించకుండానే ఇంకో చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. "గిదే ముచ్చట గంట కింద అయితే ఎట్లుండె మేడం!" అన్నాడు. లిడియా తల ఊపింది. గంట కింద తను ఖాళీ గది బయట కూర్చుని ఉంది. ఆ సందేశానికి సరే అన్న జవాబు రాకపోయి ఉంటే, ఈ పాటికి ఆ కాగితం మీద ఒక్క మాట రాసి ఉండేది. గుర్తుపట్టలేదు.

తెర మీద విష్ణు, ఇక అతన్ని రాజు అని ఎవరూ పిలవక్కర్లేదు, నవ్వుతున్నాడు. తల్లితో చేతులాగకుండా మాట్లాడుతున్నాడు. ఎనిమిదేళ్లు దాచుకున్న మాటలు. సగం లిడియాకి అర్థం కావడం లేదు, గౌరమ్మే చెబుతోంది. అక్కడ అన్నం పలచగా ఉంటుందట. కుక్కపిల్ల ఒకటుందట. కుట్టుపని నేర్చుకున్నాడట. తను తొడుక్కున్న చొక్కా గుండీ పట్టుకుని చూపించాడు. ఈ చొక్కా తనే కుట్టుకున్నాడట.

తర్వాత మళ్లీ ఇంటికప్పు చూపించాడు. ఇంట్లో ఇంకొకరు ఉన్నారన్నట్టు నాలుగోవేలు ఎత్తాడు. ఎడమ మణికట్టు చుట్టూ వేళ్లు బిగించి, గడియారం బెల్టు పెట్టుకున్నట్టు లాగాడు.

"మా మరిది," అంది గౌరమ్మ నవ్వుతూనే. "చేతికి గడియారం లేకుంటే వాకిలి దాటడు. చిన్నాయన్ను గూడా మరిచిపోలేదు సూడమ్మీ!"

అప్పుడే వరండాలో చెప్పుల చప్పుడైంది. తలుపు తోసుకుని చెన్నకేశవులు లోపలికి వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, చంకలో ఆఫీసు సంచి.

"వదినా, ఏడ్వద్దని ఫోన్లో చెప్పినా గదా. పద ఇంటికి పోదాం. వాడు మనోడు కాకపోతే..."

"అయినాడబ్బీ!" గౌరమ్మ లేచి అతని చెయ్యి పట్టుకుని కెమెరా ముందుకి లాగింది. "మనోడే! మన విష్ణే! ఇట్లా రా, నిన్ను గూడా అడుగుతాండాడు. సూడు వాణ్ని!"

చెన్నకేశవులు తెరవైపు చూశాడు.

తెరలో నవ్వు ఆగిపోయింది. నెట్ ఆగిందనుకుని లిడియా సమ్మయ్య వైపు చూసింది. కానీ విష్ణు వెనక ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. అతను లేచి, కుర్చీని వెనక్కి తోసుకుంటూ గోడదాకా వెళ్లాడు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. తర్వాత మణికట్టు మీద వేళ్లు మళ్లీ బిగించాడు. ఒకసారి కాదు, ఎముక విరిచేలా మూడుసార్లు. వేలితో సూటిగా తెరలోకి, చెన్నకేశవులు వైపు చూపించాడు. రెండు మోచేతులు పక్కన ఆనించి చక్రాల్లా తిప్పాడు. రైలు. ఎవరో తన భుజాలు పట్టుకుని కూర్చోబెట్టినట్టు తనే కూర్చున్నాడు. అరచెయ్యి చూపించాడు. ఇక్కడే ఉండు. రెండువేళ్లు కుర్చీ అంచు మీద నడిచి, నడిచి, కిందికి దిగి మాయమయ్యాయి. దిగి వెళ్లిపోయాడు.

 లిడియాకి చాలామటుకు అర్థమైంది. తప్పుగా చదివానేమో అని తనని తాను వేడుకుంది.

"ఏం చెప్పాడు మేడం?" వాఘ్మారే గొంతు. "ఎందుకలా భయపడుతున్నాడు? ఆ వచ్చినాయన ఎవరు? నేను రాసుకోవాలి."

"గౌరమ్మగారూ..." అంది లిడియా.

గౌరమ్మ మరిది చేతిని వదిలేసింది. తల్లీకొడుకుల ఆ భాష ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు ఆ గదిలో లేరు. చెన్నకేశవులు ఒకడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు. అతని వీపు తలుపుకి చేరకముందే గౌరమ్మ అతన్ని దాటుకుని వెళ్లింది. తలుపు మూసి గడియ పెట్టింది.

"ఆ సార్‌ను కాల్ తియ్యొద్దని చెప్పు అమ్మీ," అంది, మరిది ముఖంలోంచి కళ్లు తియ్యకుండా. "కూర్చో చెన్నకేశవులూ. నా కొడుకు ఎదురుగానే కూర్చో."